ఐదు స్టార్లు, ఒక స్టారు... మధ్యలోవాళ్లు ఏమయ్యారు?

2009 సెప్టెంబరులో యూట్యూబ్ తన వీడియోలకు ప్రేక్షకులు ఇచ్చిన స్టార్ల లెక్క తీసి బయటపెట్టింది. అప్పట్లో ఒక్కో వీడియోకి ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు ఇచ్చే వీలుండేది. లెక్క తీసి చూస్తే దాదాపు అన్నీ ఐదులే. మిగిలినవాటిలో కాస్త కనిపించేవి ఒకట్లు. రెండు, మూడు, నాలుగు ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. నచ్చినవాళ్లు ఐదు నొక్కుతున్నారు, ఒళ్లు మండినవాళ్లు ఒకటి నొక్కుతున్నారు, ఫరవాలేదనుకున్నవాళ్లు ఏమీ నొక్కకుండా వెళ్లిపోతున్నారు. అలాంటప్పుడు ఐదు మెట్లు ఎందుకని ఆ సంస్థ మరుసటి ఏడాది స్టార్లను తీసేసి, బొటనవేలు పైకి, బొటనవేలు కిందకి పెట్టింది.

యూట్యూబ్ స్టార్లను వదిలేసింది కానీ, మనం వస్తువు కొనే చోట, హోటలు వెతికే చోట అవి అలాగే ఉన్నాయి. అమెజాన్‌లో ఏ మిక్సీ పేజీ తెరిచినా రేటింగు మీద వేలు పెడితే ఐదు గీతలు కనిపిస్తాయి. ఐదు స్టార్ల గీత పొడుగ్గా ఉంటుంది. నాలుగుది అందులో సగమో, అంతకంటే తక్కువో. మూడు, రెండు మరీ పొట్టివి. ఒకటి దగ్గరికి వచ్చేసరికి గీత మళ్లీ సాగుతుంది. ఈ గీతలను నిలబెట్టి ఒకటి నుంచి ఐదు వరుసలో పేరిస్తే ఇంగ్లిష్ జె అక్షరంలా కనిపిస్తుందని పరిశోధకులు దీనికి జె ఆకారమని పేరు పెట్టారు.

మామూలుగా ఆలోచిస్తే ఇది వింతగా ఉండాలి. మనం వాడే వస్తువుల్లో ఎక్కువ భాగం మరీ అద్భుతమూ కాదు, మరీ పనికిరానిదీ కాదు. అలాంటప్పుడు ఎక్కువ స్టార్లు మూడు, నాలుగు దగ్గర గుమిగూడి, రెండు చివర్లా పలచబడాలి. దీన్ని ముగ్గురు పరిశోధకులు నాన్ హు, పాల్ పావ్లూ, జీ ఝాంగ్ సూటిగా పరీక్షించారు. అమెజాన్‌లో జె ఆకారంలో రేటింగులు వచ్చిన ఒక పాటల సీడీ తీసుకుని, దాన్ని కొందరు విద్యార్థులకు వినిపించి, విన్న ప్రతి ఒక్కరి చేతా స్టార్లు ఇప్పించారు. ఇష్టమైతే రాయండి, లేకపోతే లేదు అనే వెసులుబాటు లేదు. అలా అడిగేసరికి జె మాయమైంది. మధ్యలో ఎత్తుగా, రెండు వైపులా వాలుగా ఉండే మామూలు గంట ఆకారం వచ్చింది. పాటలు అవే. మారిందల్లా ఎవరు సమాధానం చెప్పారన్నదే. 2009లో వాళ్లు ప్రచురించిన ఆ వ్యాసం ఈ విషయం మీద ఇప్పటికీ చదవదగ్గది.

వాళ్లు రెండు కారణాలు చెప్పారు. మొదటిది కొనుగోలు దగ్గరే జరిగిపోతుంది. ఒక వస్తువు తమకు సరిపడుతుందని ముందే నమ్మినవాళ్లే దాన్ని కొంటారు. నమ్మనివాళ్లు కొనరు కాబట్టి వాళ్ల అభిప్రాయం పేజీలోకి రాదు. అందుకే ఐదు వైపు మొగ్గు మొదటి నుంచే ఉంటుంది. రెండోది, కొన్నవాళ్లలో రాసేవాళ్లు వేరు. రాయాలంటే ఫోను తీయాలి, పేజీ వెతకాలి, నాలుగు మాటలు టైపు చేయాలి. ఆ కాస్త శ్రమకి ఏదో ఒక తోపు కావాలి. పెళ్లి భోజనం చేసి వచ్చాక గుత్తివంకాయ గురించి పదిమందికీ చెప్పేది లొట్టలు వేసుకుంటూ తిన్నవాళ్లు, లేదంటే పెరుగు అందకుండానే లేవాల్సి వచ్చినవాళ్లు. తక్కినవాళ్లు చేతులు కడుక్కుని, కిళ్లీ వేసుకుని ఇంటికి వెళ్లిపోతారు.

ఇది ఒక్క అమెజాన్ సంగతే కాదు. 2020లో వెరెనా షోన్‌ముల్లర్, ఓడెడ్ నెట్జర్, ఫ్లోరియన్ స్టాల్ అనే ముగ్గురు 25 వేదికల నుంచి 28 కోట్లకు పైగా రివ్యూలు పోగేసి చూశారు. చివర్లకు గుమిగూడే గుణం చాలా చోట్ల కనిపించింది గానీ, అన్ని చోట్లా ఒకే తీరుగా లేదు. ఎప్పుడో ఒకసారి రాసేవాళ్లు చివర్లలో ఉన్నారు. తరచుగా రాసేవాళ్ల స్టార్లలో మధ్య మెట్లు కూడా బాగానే ఉన్నాయి. అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఏడాదికోసారి మాత్రమే రాసే మనిషి, ఆ ఏడాదిలో తనను బాగా కదిలించినదాని గురించే రాస్తాడు. తిన్న ప్రతి హోటలు గురించీ రాసే అలవాటున్న మనిషి మామూలు హోటలు గురించి కూడా రాస్తాడు. అందుకే ఒక రివ్యూని ఎంత నమ్మాలో తేల్చుకోవాలంటే రాసినవాళ్ల పేరు మీద నొక్కి, వాళ్లు ఇంకా వేటికి ఎన్ని స్టార్లు ఇచ్చారో చూడడం మంచి పద్ధతి. అన్నీ ఐదులో, అన్నీ ఒకట్లో ఇచ్చిన మనిషి స్టారు కంటే మూడులు, నాలుగులు కూడా ఇచ్చే మనిషి స్టారులో ఎక్కువ సమాచారం ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఊహించినవే. కానీ పని ఎలా జరుగుతుందో వీటితో తేటగా తెలుస్తుంది. ఒక మిక్సీని వెయ్యి మంది కొన్నారనుకోండి. వాళ్లందరినీ ఇంటింటికీ వెళ్లి అడిగితే 200 మంది ఐదు, 400 మంది నాలుగు, 250 మంది మూడు, 100 మంది రెండు, 50 మంది ఒకటి ఇస్తారనుకుందాం. సగటు 3.6. ఫరవాలేదనిపించే మిక్సీ.

ఇప్పుడు వీళ్లలో రాసేదెవరు? బాగా నచ్చిన 200 మందిలో నూటికి 15 మంది రాస్తే 30 రివ్యూలు. నాలుగు ఇవ్వాలనుకున్న 400 మందిలో నూటికి నలుగురే రాస్తే 16. మూడు అనుకున్న 250 మందిలో నూటికి ఇద్దరు, అంటే ఐదు. రెండు అనుకున్న 100 మందిలో ఐదుగురు. మోటారు మాడిపోయి, సర్వీసు సెంటరు చుట్టూ తిరిగిన 50 మందిలో నూటికి 20 మంది, అంటే పది. మొత్తం 66 రివ్యూలు. పేజీలో కనిపించేది ఇది: ఐదు స్టార్లు 45 శాతం, నాలుగు 24 శాతం, మూడు 8, రెండు 8, ఒకటి 15 శాతం. అచ్చంగా జె.

ఈ లెక్కలో గమనించాల్సినవి రెండున్నాయి. కొన్నవాళ్లలో మండిపడ్డవాళ్లు నూటికి ఐదుగురే, పేజీలో మాత్రం నూటికి 15. అంటే ఒక స్టారు గీత చూసి ఇన్ని మిక్సీలు పాడయ్యాయని లెక్క కడితే మూడింతలు తప్పుతాం. రెండోది, సగటు మాత్రం 3.6 నుంచి సుమారు 3.8కే జరిగింది. రెండు చివర్లూ ఒకేసారి ఉబ్బడం వల్ల ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అది కేవలం అదృష్టం. ఒక చివర మాత్రమే ఉబ్బితే ఆ అదృష్టం ఉండదు.

ఆ ఒక్క చివరనే ఉబ్బించడం అమ్మేవాళ్ల చేతిలో పని. మిక్సీ డబ్బాలో ఒక చిన్న కాగితం ముక్క పెడతారు. ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే వాట్సాప్‌లో వంద రూపాయలు వేస్తామని దాని మీద రాసి ఉంటుంది. మన లెక్కలో దీనివల్ల బాగా నచ్చినవాళ్లలో నూటికి 15 బదులు 30 మంది రాశారనుకుందాం. ఐదు స్టార్లు 60 అవుతాయి, మొత్తం 96, సగటు సుమారు 4.2. మిక్సీలో ఒక్క స్క్రూ కూడా మారలేదు. ఎవరూ అబద్ధం కూడా రాయలేదు, నచ్చినవాళ్లే నచ్చిందని రాశారు. అయినా 3.8 కాస్తా 4.2 అయింది, వెతికినప్పుడు పేజీలో పైకి వచ్చింది. ఇక డబ్బు తీసుకుని వస్తువు వాడకుండానే రాసేవాళ్లు కూడా చివర్లనే ఎంచుకుంటారు. మూడు స్టార్లు ఇమ్మని ఎవరూ డబ్బివ్వరు కదా. మైకేల్ లూకా, జార్జియోస్ జెర్వాస్ అమెరికాలోని బోస్టన్ నగరపు హోటళ్ల మీద యెల్ప్ వేదికలో వచ్చిన రివ్యూలు పరిశీలించారు. సుమారు 16 శాతం రివ్యూలను అనుమానంతో యెల్ప్ పక్కన పెట్టింది. అలా పక్కన పెట్టినవి మిగిలినవాటికంటే చివర్లకు ఎక్కువ మొగ్గాయి. మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల సేకరణకూ ప్రచురణకూ ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం తెచ్చింది. పాటించాలా వద్దా అన్నది వేదికల ఇష్టానికి వదిలిపెట్టారు.

సగటు ఇంత తేలిగ్గా కదిలిపోతుంది కాబట్టి, గీతల ఆకారం చూడడం తప్పనిసరి. రెండు మిక్సీలు ఉన్నాయి, రెండింటికీ సరిగ్గా 4.0. మొదటిదానికి నూటికి 30 మంది ఐదు, 48 మంది నాలుగు, 15 మంది మూడు, ఆరుగురు రెండు, ఒక్కరు ఒకటి ఇచ్చారు. రెండోదానికి 70 మంది ఐదు, నలుగురు నాలుగు, ఇద్దరు మూడు, నలుగురు రెండు, 20 మంది ఒకటి. మొదటిది కొంటే మనకు దాదాపు అందరికీ వచ్చినలాంటి మిక్సీనే వస్తుంది. బాగుంటుంది, ఎక్కడో చిన్న లోపం ఉంటుంది. రెండోది లాటరీ టికెట్టు లాంటిది. ఎక్కువమందికి చక్కగా పనిచేసింది, కొందరికి అసలు పనిచేయలేదు. ఇంట్లో రోజూ పొద్దున్నే పచ్చడి నూరాల్సినవాళ్లకు నేనైతే మొదటిదే చెబుతాను.

కానీ రెండోదాన్ని అక్కడితో కొట్టిపారేయకూడదు. జె ఆకారం దాదాపు అన్నిటికీ ఉంటుంది కాబట్టి, ఒక స్టారు గీత ఉండడం అనేదే నేరం కాదు. పక్కవాటితో పోల్చాలి. అదే వేదికలో, అదే ధరలో ఉన్న నాలుగైదు మిక్సీలు తెరిచి వాటి ఒక స్టారు శాతం చూడాలి. అన్నిటికీ 15 దాకా ఉంటే అది రాసేవాళ్ల తీరు. తక్కినవాటికి ఏడెనిమిది ఉండి దీనికొక్కదానికి 20 ఉంటే అది ఈ మిక్సీ తీరు. వేర్వేరు వేదికల మధ్య ఈ పోలిక చెల్లదు, ఎందుకంటే ఎవరిచేత ఎలా రాయిస్తారన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

ఆ తర్వాత ఆ ఒక స్టారు రివ్యూలు ఓ పది చదవాలి, తేదీలతో సహా. అందులో సాధారణంగా మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి. కొన్ని మిక్సీ గురించే కావు: డబ్బా చిరిగి వచ్చింది, ఒక జార్ తక్కువ వచ్చింది, డెలివరీ అబ్బాయి ఫోనెత్తలేదు. కొన్ని మిక్సీ గురించే గానీ లోపం గురించి కావు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది, ఇక తిరగలేదు అని రాస్తారు. చాలా మిక్సీల అడుగున ఎర్ర బటన్ ఒకటి ఉంటుంది. జార్ నిండా వేసి ఆడించినప్పుడు మోటారు కాలిపోకుండా అది కరెంటు ఆపేస్తుంది, చల్లారాక నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఆ సంగతి తెలియనివాళ్లు రాసినవి అవి. మూడో రకమే మనకు కావాల్సింది. మూడు నెలలకు జార్ కింద కప్లర్ పళ్లు అరిగిపోయాయి, గిన్నె అడుగు నుంచి నీళ్లు కారి మోటారులోకి దిగాయి అని వేర్వేరు ఊళ్లవాళ్లు, వేర్వేరు నెలల్లో, ఒకే చోట లోపం చూపిస్తుంటే అది నిజమైన లోపం. ఇలాంటివి ఐదారు కనిపించినా చాలు, పైన ఎన్ని ఐదు స్టార్లు ఉన్నా వాటికి సమాధానం కావు. ఐదు స్టార్లలో చాలావరకు డబ్బా విప్పిన వారంలో రాసినవే అయ్యుంటాయి. కప్లర్ అరిగేది ఆ తర్వాత.

ఎన్ని రేటింగులున్నాయన్నది కూడా చూడాలి. పదిమందిలో ఇద్దరు ఒకటి ఇచ్చినా 20 శాతమే, వెయ్యిమందిలో 200 మంది ఇచ్చినా 20 శాతమే. గణాంక శాస్త్రం వాడే ఒక సూత్రం ప్రకారం, మొదటి సందర్భంలో అసలు శాతం 6 నుంచి 51 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రెండోదాంట్లో 18 నుంచి 23 మధ్య. అందుకే పదిమంది ఇచ్చిన 4.8 కంటే రెండువేల మంది ఇచ్చిన 4.3 మీదే నాకు గురి ఎక్కువ. అయితే మందిని పెంచితే ఈ ఊగిసలాట తగ్గుతుందేగానీ, ఎవరు రాస్తున్నారన్న మొగ్గు తగ్గదు. లక్షమంది రాసినా, వాళ్లంతా చివర్లవాళ్లే అయితే బొమ్మ చివర్లదే.

సినిమాల దగ్గర ఈ మొగ్గు మరీ స్పష్టంగా కనిపిస్తుంది, తెలుగు ప్రేక్షకులకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. మొదటి రోజు మొదటి ఆట చూసేవాళ్లు అభిమానులు. ఆ హీరో సినిమా కోసం ఎదురుచూసినవాళ్లే ముందు టికెట్టు కొంటారు, ముందు రేటింగు ఇస్తారు. షిన్‌షిన్ లీ, లోరిన్ హిట్ 2008లో అమెజాన్ పుస్తకాల మీద ప్రచురించిన పరిశోధనలో ఇదే తేలింది: మొదట్లో కొనేవాళ్లు ఆ రచయితను ఇష్టపడేవాళ్లు కావడంతో స్టార్లు ఎక్కువగా ఉండి, కాలం గడిచేకొద్దీ చాలా పుస్తకాలకు దిగుతూ వచ్చాయి. మన దగ్గర దీనికి తోడు ఇంకో హీరో అభిమానులు వచ్చి సినిమా చూడకుండానే ఒకటి కొట్టడం కూడా ఉంది. ఐఎండీబీలో పదికి పది, పదికి ఒకటి రెండు స్తంభాల్లా నిలబడి ఉంటే అందులో సినిమా గురించి కంటే అభిమాన సంఘాల గురించే ఎక్కువ సమాచారం ఉంటుంది. అందుకే ఐఎండీబీ పైన చూపించే అంకె మామూలు సగటు కాదు, ఓట్లకు వేర్వేరు బరువులు వేసి కట్టినది. ఆ బరువుల వివరాలు వాళ్లు బయటపెట్టరు.

సినిమాకి నేను పాటించే పద్ధతి ఇది. ఆ రెండు స్తంభాలను చేత్తో మూసేసి, రెండు నుంచి తొమ్మిది దాకా ఉన్నవాటిని చూస్తాను. అందులో ఆరు, ఏడు, ఎనిమిది దగ్గర ఎక్కడో గుట్ట ఉంటుంది. ఆ గుట్ట కొస ఏడు మీదుందా, అయిదు మీదుందా అన్నది ఆ సినిమాని మామూలుగా చూసినవాళ్ల తీర్పుకి దగ్గరగా ఉంటుంది. మిక్సీకి మాత్రం ఈ పని చేయకూడదు. మిక్సీ ఒక స్టార్లలో కప్లర్ ఉంది. సినిమా ఒకట్లలో చాలావరకు సినిమాయే లేదు.

మొహమాటం పనిచేసే చోట జె కూడా మిగలదు, ఐదులే మిగులుతాయి. ఇంట్లో గది అద్దెకిచ్చే ఎయిర్‌బిఎన్‌బిలో జెర్వాస్, డేవిడే ప్రొసెర్పియో, జాన్ బయర్స్ పరిశీలించిన ఇళ్లలో దాదాపు 95 శాతానికి నాలుగున్నర లేదా ఐదు స్టార్ల సగటు ఉంది. ఆ ఇంటివాళ్లతో కాఫీ తాగి, పిల్లల గురించి మాట్లాడి, తిరిగొచ్చి మూడు స్టార్లు వేయడానికి చెయ్యి రాదు. పైగా ఇంటివాళ్లు కూడా మనకు రేటింగు ఇస్తారు. ఇలాంటి చోట నాలుగు అంటే మెప్పు కాదు, ఫిర్యాదు. క్యాబ్ డ్రైవర్లకు ఇచ్చే స్టార్లదీ ఇదే తంతు.

అక్కడ అసంతృప్తి ఎటు పోతుంది? మౌనంలోకి. క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ ఈబేలో దీన్నే కొలిచారు. అక్కడ అమ్మేవాళ్లకు వచ్చే మెచ్చుకోళ్లు సగటున 99 శాతం పైమాటే, కాబట్టి ఆ అంకెతో మంచివాళ్లనీ చెడ్డవాళ్లనీ విడదీయలేం. వాళ్లు భాగహారంలో కింది అంకె మార్చారు. వచ్చిన అభిప్రాయాల్లో ఎన్ని మంచివి అని కాకుండా, జరిగిన మొత్తం అమ్మకాల్లో ఎన్నిటికి మంచి మాట వచ్చింది అని లెక్కగట్టారు. అప్పుడు అమ్మేవాళ్ల మధ్య తేడాలు బయటపడ్డాయి. ఆ కొత్త అంకె తక్కువగా ఉన్నవాళ్ల దగ్గర కొన్నవాళ్లు మళ్లీ ఆ వేదికకు రావడం కూడా తగ్గింది. చేదు అనుభవం ఎదురైనవాళ్లు చాలామంది ఏమీ రాయకుండా వెళ్లిపోయారన్నమాట.

ఈ కింది అంకె కొనేవాళ్లకు సాధారణంగా కనిపించదు. అమెజాన్ కొన్ని వస్తువుల కింద గత నెలలో ఎంతమంది కొన్నారో సుమారుగా చూపిస్తోంది. అది ఉన్న చోట, ఈ నెలలో వచ్చిన రివ్యూలను దాని పక్కన పెట్టి చూడొచ్చు. లేని చోట మనకున్న దారి మూడు స్టార్ల రివ్యూలు. అవి కొద్దిగానే ఉంటాయి, అందుకే అన్నీ చదవొచ్చు. మండిపడకుండా, మురిసిపోకుండా కూర్చుని రాసినవాళ్లు కాబట్టి వాళ్ల మాటల్లో వస్తువు కనిపిస్తుంది. ఇడ్లీ పిండి బాగానే నలుగుతుంది, చిన్న జార్‌లో రెండు కొబ్బరి చెక్కలకు మించి పట్టవు, చప్పుడు ఎక్కువ, పక్క గదిలో పసిపిల్ల లేచింది, వైరు పొట్టి, ప్లగ్గు దగ్గరే పెట్టుకోవాలి. ఇలా రాసే మనిషి, వెయ్యిమందిలో ఏమీ రాయని 934 మందికి అందరికంటే దగ్గరివాడు. పసిపిల్ల ఉన్న ఇల్లయితే ఆ ఒక్క రివ్యూతోనే మీ నిర్ణయం తేలిపోవచ్చు, చప్పుడు పట్టించుకోని ఇల్లయితే అదే రివ్యూ చదివి నిశ్చింతగా కొనుక్కోవచ్చు.